కోణాన్ని కాదు, చాపాన్ని చూడండి

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, పాలిసెట్ రాయబోతున్న పదో తరగతి విద్యార్థుల కోసం ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

పిల్లలూ, అందరికీ కనిపిస్తోందా ఆ గోడ గడియారం? వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు జరగండి. బల్ల దగ్గర చోటుంది, రండి. ఈ పూట మనకు నల్లబల్ల కంటే ఆ గడియారమే ఎక్కువ పనికొస్తుంది.

మీరు రాయబోయే పరీక్షలో 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. ప్రశ్నకు ఒక్క నిమిషం. వృత్తం మీద ఒక ప్రశ్న వచ్చిందనుకోండి. బొమ్మ గీయడానికే పదిహేను సెకన్లు పోతాయి. అప్పుడు మీరు సిద్ధాంతాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటూ కూర్చోలేరు. కేంద్రం దగ్గర కోణం గురించి ఒకటి, ఒకే వృత్తఖండంలోని కోణాల గురించి ఒకటి, చక్రీయ చతుర్భుజం గురించి ఒకటి, స్పర్శరేఖ గురించి ఇంకొకటి అని విడివిడిగా కంఠస్థం చేసిన వాళ్లే పరీక్షలో ఎక్కువగా తడబడడం నేను ఏళ్ల తరబడి చూశాను. ఇవన్నీ ఒకే మాట. ఆ మాట చెప్పడానికే వచ్చాను.

గడియారంలో 12 అంకెలు, చుట్టూ 360 డిగ్రీలు. అంకెకూ అంకెకూ మధ్య చాపం 30 డిగ్రీలు. చాపానికి డిగ్రీలేమిటి అంటారా? ఆ చాపం రెండు చివరలనూ కేంద్రంతో కలిపితే అక్కడ ఏర్పడే కోణమే చాపం కొలత. అంతే, దానికి వేరే అర్థం లేదు.

ఇప్పుడు 12 నుంచి 6కి ఒక గీత గీయండి. అది కేంద్రం గుండా పోతుంది, వ్యాసం. 12 నుంచే 4కి ఇంకో గీత. ఈ రెండు గీతల మధ్య, 12 దగ్గర కోణం ఎంత? కేంద్రాన్ని 4తో కూడా కలపండి. ఇప్పుడు 12, కేంద్రం, 4 ఒక త్రిభుజం. అందులో రెండు భుజాలు వ్యాసార్థాలు, అంటే సమానం. కాబట్టి 12 దగ్గర కోణమూ, 4 దగ్గర కోణమూ సమానం. ఆ రెండూ కలిస్తే కేంద్రం దగ్గరి బాహ్యకోణం అవుతుంది. ఆ బాహ్యకోణం 4 నుంచి 6 వరకు ఉన్న చాపం కొలత, 60 డిగ్రీలు. రెండు సమాన కోణాలు కలిసి 60 అయితే ఒక్కొక్కటి 30. అంటే 12 దగ్గర కోణం, అది చూస్తున్న చాపంలో సగం. ఆ సగం ఎక్కడినుంచి వచ్చిందో చూశారు కదా? రెండు వ్యాసార్థాలు సమానం కావడం వల్ల వచ్చింది. కోణపు చేతుల్లో ఏదీ కేంద్రం గుండా పోకపోతే, శీర్షం నుంచి వ్యాసం గీసుకుని ఇలాంటి రెండు ముక్కలు కూడండి, లేదా ఒకదానిలోంచి ఇంకొకటి తీసేయండి. ఫలితం మారదు.

శీర్షం వృత్తం మీద ఉంటే, కోణం తన రెండు చేతుల మధ్య పడిన చాపంలో సగం. ఈ ఒక్క వాక్యం రాసుకోండి. “చేతుల మధ్య పడిన” అన్న మాట కింద గీత గీయండి. ఇందులో తప్పులన్నీ అక్కడే జరుగుతాయి.

ఎలాగో చూపిస్తాను. 10కీ 2కీ మధ్య ఒక జ్యా గీయండి. ఆ జ్యా వృత్తాన్ని రెండు చాపాలుగా విడగొట్టింది. పైన 12 మీదుగా నాలుగు అంగలు, 120 డిగ్రీలు. కింద 6 మీదుగా ఎనిమిది అంగలు, 240 డిగ్రీలు. ఇప్పుడు 6 దగ్గర నిలబడి 10నీ 2నీ చూడండి. మీ చేతుల మధ్య పడింది పై చాపం, 120. కోణం 60. 5 దగ్గరికి జరగండి, 8 దగ్గరికి జరగండి, అదే పై చాపం, అదే 60. ఒకే వృత్తఖండంలోని కోణాలు సమానమని మీ పుస్తకంలో ఉన్నది ఇదే. ఇక 12 దగ్గరికి వెళ్లండి. అక్కడినుంచి 10నీ 2నీ చూస్తే చేతుల మధ్య పడేది పై చాపం కాదు. మీరే పై చాపం మీద ఉన్నారు. పడేది కింది చాపం, 240. కోణం 120.

ఆ రెండు కోణాలనూ కూడండి. 60, 120 కలిస్తే 180. చక్రీయ చతుర్భుజంలో ఎదురెదురు కోణాలు సంపూరకాలని మీరు వేరే సిద్ధాంతంగా చదివారు. నాలుగు అంకెలు 12, 2, 6, 10 కలపండి, అదే చతుర్భుజం. ఎదురెదురు కోణాలు రెండూ కలిసి మొత్తం వృత్తాన్ని పంచుకున్నాయి. 360లో సగం 180. కొత్తగా గుర్తుంచుకోవలసింది ఏమీ లేదు.

(ముందు వరుసలో ఒక అమ్మాయి: “మాస్టారూ, చాపం అర్ధవృత్తమైతే?”)

నువ్వే చెప్పమ్మా. 180లో సగం ఎంత? తొంభై. అర్ధవృత్తంలో కోణం లంబకోణం. చూశావా, అడిగిన నీ నోటి నుంచే వచ్చింది.

ఇప్పుడు స్పర్శరేఖ. అంతర్వేది తీర్థంలో రథం లాగడం చూసిన వాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. రథచక్రం నేలను తాకే చోట, నేల స్పర్శరేఖ. చక్రం మధ్య నుంచి ఆ చోటికి గీసిన గీత నేలకు నిలువు. వ్యాసార్థం స్పర్శరేఖకు లంబం అన్నది ఇదే. ఇది మీకందరికీ వచ్చు. రానిది స్పర్శరేఖకూ జ్యాకూ మధ్య కోణం.

మన గడియారాన్ని నేల మీద నిలబెట్టామనుకోండి. నేలను తాకేది 6. అక్కడినుంచి 2కి జ్యా గీశాం. కుడివైపు నేలకూ ఈ జ్యాకూ మధ్య కోణం ఎంత? ముందు నేలను మరిచిపోయి, 6 నుంచి 5కి ఒక చిన్న జ్యా గీయండి. 6 దగ్గర నిలబడి 2నీ 5నీ చూస్తే మధ్యలో మూడు అంగలు, 90 డిగ్రీలు, కోణం 45. ఇప్పుడు ఆ 5ను మెల్లగా 6 వైపు జరపండి. ఐదున్నరకు వచ్చింది, చాపం 105, కోణం యాభై రెండున్నర. ఇంకా జరపండి. ఆ చిన్న జ్యా నేల మీదికి వాలిపోతూ ఉంటుంది. చివరికి 6లో కలిసిపోయినప్పుడు అది నేలతో ఏకమవుతుంది. చాపం 2 నుంచి 6 వరకు పూర్తిగా నాలుగు అంగలు, 120. కోణం 60. అదే సగం. సరిచూడండి: 6, కేంద్రం, 2 త్రిభుజంలో కేంద్రం దగ్గర 120, మిగిలిన రెండూ చెరి 30. నిలువు గీత నుంచి జ్యా 30 డిగ్రీలు వాలింది, నేలకు మిగిలింది 60. సరిపోయింది. పుస్తకాల్లో ఏకాంతర వృత్తఖండం అని పెద్ద పేరుతో ఉండే సిద్ధాంతం ఇదే. ఆ పేరు చూసి భయపడి చాలామంది ఆ పేజీ తిప్పేస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నిరుడు ఒక అమ్మాయి ఒక నమూనా పరీక్షలో పోయిన మార్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. లెక్కల్లో చురుకైన పిల్ల. ప్రశ్న ఇది, రాసుకోండి. వృత్తం బయట P అనే బిందువు నుంచి గీసిన స్పర్శరేఖలు వృత్తాన్ని A, B వద్ద తాకుతున్నాయి. ∠APB = 50°. అల్పచాపం AB మీద C ఒక బిందువు. ∠ACB ఎంత? ఇచ్చిన జవాబులు నాలుగు: 50, 65, 115, 130.

ఆ అమ్మాయి చేసిన పని చూడండి. కేంద్రం O. PA, PB లకు వ్యాసార్థాలు లంబం. కాబట్టి PAOB చతుర్భుజంలో రెండు లంబకోణాలు పోగా ∠APB, ∠AOB కలిసి 180. ∠AOB = 180° − 50° = 130°. ఇంతవరకు ఏ తప్పూ లేదు. తరువాత పరిధి మీది కోణం కేంద్రం దగ్గరి కోణంలో సగం అని 65 గుర్తు పెట్టింది. తప్పు. ఆ 130 అనేది అల్పచాపం కొలత. C కూడా ఆ అల్పచాపం మీదే ఉంది. C నుంచి చేతులు చాస్తే మధ్యలో పడేది అవతలి పెద్ద చాపం. అది 360 లోంచి 130 తీస్తే 230. సగం 115. సరైన జవాబు 115.

“మాస్టారూ, నాకు సిద్ధాంతం వచ్చు, అయినా ఎందుకు తప్పింది?” అని అడిగింది. తనకు వచ్చినది “సగం” అన్న ముక్క. ఏ చాపంలో సగం అన్నది వాక్యంలోంచి జారిపోయింది. ఆ నాలుగు జవాబులను మళ్లీ చూడండి. 130 దగ్గర ఆగిపోయిన వాడికి 130 సిద్ధంగా ఉంది. చాపాన్ని తికమక పడిన వాడికి 65 సిద్ధంగా ఉంది. P దగ్గర కోణమే C దగ్గర కూడా ఉంటుందని ఊహించిన వాడికి 50. ప్రశ్న తయారుచేసే వాళ్లు తప్పు జవాబులను ఊరికే పెట్టరు. మీరు ఎక్కడెక్కడ జారగలరో లెక్క వేసి పెడతారు. అందుకే మీకు వచ్చిన సంఖ్య జవాబుల్లో కనిపించినంత మాత్రాన అది సరైనదని నమ్మకండి.

మరి తప్పు చేశామని ఎలా తెలుస్తుంది? బొమ్మ చూడండి. P, A, B కలిపితే ఒక త్రిభుజం. అల్పచాపం మొత్తం ఆ త్రిభుజం లోపలే ఉంటుంది, ఎందుకంటే అది స్పర్శరేఖలకూ AB జ్యాకూ మధ్య ఇరుక్కుంది. C ఆ త్రిభుజం లోపల, AB కి దగ్గరగా ఉంది. దగ్గరికి వచ్చేకొద్దీ చేతులు వెడల్పు కావాలి కదా! అల్పచాపం మీది బిందువు దగ్గర కోణం ఎప్పుడూ 90 దాటుతుంది, అధికచాపం మీది బిందువు దగ్గర ఎప్పుడూ 90 లోపే ఉంటుంది. కాబట్టి అల్పచాపం అన్న మాట కనిపించగానే 50నీ 65నీ కొట్టేయవచ్చు. లెక్క మొదలుపెట్టక ముందే సగం పని అయిపోయింది.

ఈ 130 గురించి ఇంకో మాట. మన ఊళ్లలో పాత ఇళ్ల వెనక గుండ్రటి నుయ్యి ఇంకా ఉంటుంది, చుట్టూ నడుము ఎత్తు గోడ. కొంచెం దూరంగా నిలబడి ఆ గోడ కుడి అంచునూ ఎడమ అంచునూ చూడండి. మీ చూపు రెండు వైపులా గోడను రాసుకుంటూ పోతుంది. ఆ రెండు చూపులూ స్పర్శరేఖలు, మీరే P. మీకు కనిపించే గోడ అల్పచాపం. మీ కంటి దగ్గర కోణం 50 అయితే కనిపించే గోడ 130 డిగ్రీలు. దగ్గరికి నడవండి, కోణం 90 అయ్యింది, కనిపించేది 90. ఎంత దూరం వెళ్లినా కనిపించే గోడ సగానికి కాస్త తక్కువగానే ఉంటుంది, 180 ఎప్పటికీ రాదు. ఆదివారం ఎవరి ఇంటి నుయ్యి దగ్గరైనా నిలబడి చూడండి. అల్పచాపం ఎటువైపు ఉంటుందో, P వైపా అవతలా అన్న సందేహం ఆ తరువాత మీకు రాదు.

శీర్షం బయట ఉంటే సూత్రం కూడా ఇక్కడే దొరికింది. పెద్ద చాపం 230, చిన్న చాపం 130. తేడా 100, సగం 50. బయటి కోణం, దూరపు చాపంలోంచి దగ్గరి చాపం తీసేసిన దానిలో సగం. రెండు స్పర్శరేఖలైనా, రెండు ఛేదనరేఖలైనా, ఒకటీ ఒకటీ అయినా ఇదే.

శీర్షం వృత్తం లోపల ఉంటే తీసివేతకు బదులు కూడిక. 12 నుంచి 5కి ఒక జ్యా, 3 నుంచి 9కి ఒక జ్యా. అవి ఒకచోట ఖండించుకుంటాయి. ఆ చోట, 3కీ 5కీ ఎదురుగా ఉన్న కోణం ఎంత? 3 నుంచి 5 వరకు 60. దానికి వెనకవైపు 9 నుంచి 12 వరకు 90. మొత్తం 150, సగం 75. ఎందుకో కావాలంటే 12నీ 3నీ కలిపి త్రిభుజం చేయండి. 12 దగ్గర కోణం 30, 3 దగ్గర కోణం 45, వాటి మొత్తమే ఖండన బిందువు దగ్గర బాహ్యకోణం. ఈ లెక్కలో ఒక్క జాగ్రత్త చాలు: పక్కపక్క చాపాలు కాకుండా ఎదురెదురు చాపాలు కూడండి.

ఇక బహుభుజులు. క్రమ బహుభుజి అంటే గడియారమే, అంకెలు మారాయంతే. క్రమ నవభుజి అయితే తొమ్మిది అంకెల గడియారం, ఒక్కో అంగ 40 డిగ్రీలు. దాని అంతరకోణం ఎంత? శీర్షం దగ్గర నిలబడి పక్కనున్న రెండు శీర్షాలనూ చూడండి. చేతుల మధ్య పడేది అవతలి ఏడు అంగలు, 280. సగం 140. సూత్రం గుర్తులేకపోయినా వచ్చింది. క్రమ పంచభుజిలో ఒక శీర్షం నుంచి బయలుదేరిన రెండు కర్ణాల మధ్య కోణం? ఒక్క అంగ, 72లో సగం, 36. ఇలాంటివి పది సెకన్ల పని.

కొంచెం కష్టమైనది ఒకటి చేద్దాం. క్రమ నవభుజి ABCDEFGHI. AB ని B అవతలికి పొడిగించారు. ED ని D అవతలికి పొడిగించారు. రెండూ P దగ్గర కలిశాయి. P దగ్గర కోణం ఎంత? శీర్షం బయట ఉంది. దగ్గరి చాపం B నుంచి D వరకు రెండు అంగలు, 80. దూరపు చాపం E నుంచి F, G, H, I మీదుగా A వరకు ఐదు అంగలు, 200. తేడా 120, సగం 60.

(వెనక నుంచి ఒక అబ్బాయి: “మాస్టారూ, బాహ్యకోణాలతో చేస్తే ఇంకా తొందరగా రాదా?”)

వస్తుంది బాబూ, ఇలా ముందుకు రా, నువ్వే చెప్పు. A నుంచి B వైపు నడుస్తూ వచ్చాం. B దగ్గర 40 తిరిగాం, C దగ్గర 40, D దగ్గర 40. మొత్తం 120 తిరిగాక DE దారిలో పడ్డాం. P మీదుగా వెళ్లి ఉంటే ఆ 120 ఒకేసారి తిరిగేవాళ్లం. కాబట్టి P దగ్గర లోపలి కోణం 60. అవును, ఇది ఇంకా చిన్న దారి. భుజాలను పొడిగించిన ప్రశ్న అయితే ఈ అబ్బాయి దారిలో వెళ్లండి. కర్ణాలు వచ్చిన ప్రశ్న అయితే చాపం దారి. రెండూ చేతిలో ఉంటే ఒకదానితో చేసి ఇంకొకదానితో సరిచూసుకోవచ్చు.

ఒక హద్దు మాత్రం మరవకండి. అంగలన్నీ సమానం అనుకోవాలంటే బహుభుజి క్రమ బహుభుజి కావాలి, అంటే భుజాలూ కోణాలూ రెండూ సమానం. కోణాలు మాత్రమే సమానమైతే చాలదు. దీర్ఘచతురస్రం చూడండి, కోణాలన్నీ 90, వృత్తంలో చక్కగా ఇముడుతుంది, కానీ పొడవు భుజం చాపం ఒకటి, వెడల్పు భుజం చాపం ఇంకొకటి. అసలు వృత్తంలో ఇమడని బహుభుజులకు చాపం మాటే లేదు. వాటికి బాహ్యకోణాల మొత్తం 360 ఒక్కటే దిక్కు, అది కూడా లోపలికి నొక్కుకుపోయిన శీర్షం లేనప్పుడే.

చివరగా ఒకటి ఇస్తాను, మీరు చేయండి. ఒక జ్యా పొడవు వృత్త వ్యాసార్థానికి సమానం. వృత్తం మీది ఒక బిందువు వద్ద ఆ జ్యా చేసే కోణం ఎంత?

(కొంతమంది “30” అన్నారు. ఒకరిద్దరు “150” అన్నారు.)

రెండు జట్లుగా విడిపోయారు కదూ! జ్యా వ్యాసార్థానికి సమానమైతే కేంద్రంతో కలిపి సమబాహు త్రిభుజం, చాపం 60. అధికచాపం మీది బిందువు దగ్గర 30. అల్పచాపం మీది బిందువు దగ్గర, 300లో సగం 150. నేను బిందువు ఎటువైపు ఉందో చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. “మాస్టారూ, ఏ చాపం మీద?” అని ఎదురు అడిగిన వాళ్లు ఒక్కరూ లేరు, అదే నేను చూడాలనుకున్నది.

పరీక్షలో ఇలాంటి ప్రశ్న వస్తే ముందు దాన్ని ఇంకోసారి చదవండి. అల్ప, అధిక అన్న మాట ఎక్కడో ఉంటుంది, లేదా బొమ్మలో ఉంటుంది. ఏదీ లేకుండా జవాబుల్లో 30 ఒక్కటే ఉంటే అది పెట్టండి, 150 ఒక్కటే ఉంటే అది. రెండూ ఉండి చాపం పేరు లేకపోతే తప్పు ప్రశ్నది. అప్పుడు 30 గుర్తు పెట్టి, ప్రశ్న సంఖ్య గుర్తుంచుకుని ముందుకు వెళ్లిపోండి. ప్రాథమిక కీ వచ్చాక అభ్యంతరం పంపండి. అందులో ఇప్పుడు మీ ముందున్న బొమ్మనే గీసి, C ని ఒకసారి పైన, ఒకసారి కింద పెట్టి, రెండు కోణాలూ రాయండి. అంతకంటే ఎక్కువ వాదన అక్కర్లేదు.

ఇప్పుడు కాగితాలు తీయండి. ఆ నవభుజిలోనే AD కర్ణం, BF కర్ణం ఖండించుకునే చోట నాలుగు కోణాలూ కనుక్కోండి. ఎవరికి ముందు 60, 120 వస్తే వాళ్లు వచ్చి బల్ల మీద గీసి చూపించండి.